సర్టిఫికెట్లు ఎన్ని అని కాదు, దరఖాస్తులో ఎక్కడ కూర్చున్నాయి అన్నదే లెక్క

కావలి, ఒంగోలు చుట్టుపక్కల డిగ్రీ, బీటెక్ పూర్తి చేసిన పిల్లల్లో ఆన్‌లైన్ కోర్సులు చేయనివాళ్లు ఇప్పుడు అరుదు. పైథాన్, ఎస్‌క్యూఎల్, మెషిన్ లెర్నింగ్ అంటూ ఇరవైకి పైగా సర్టిఫికెట్లు ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని వస్తారు. "సార్, ఇవన్నీ పెడితే ఎమ్మెస్‌లో సీటు వస్తుందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. దరఖాస్తును అవతల ఎవరు, ఏం చూసి తేలుస్తారు?

మన రాష్ట్రంలో ఎమ్మెస్సీ సీటు ఏపీ పీజీసెట్ ర్యాంకుతో వస్తుంది. అక్కడ సర్టిఫికెట్లు తెరిచి చూసే మనిషే ఉండడు. అలాంటి చోట కోర్సు ఆ పరీక్షకు తయారు కావడానికి మాత్రమే పనికొస్తుంది. విదేశీ ఎమ్మెస్ సంగతి వేరు. అక్కడ అధ్యాపకులు ఫైలు చదువుతారు. ఈ అబ్బాయి మొదటి సెమిస్టర్‌లో నిలబడగలడా అన్న అనుమానం వాళ్లకు ఉంటుంది. స్వయంగా చదివిన చదువు ఆ అనుమానాన్ని తీర్చినంత మేరకే దానికి విలువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒంగోలు దగ్గర సివిల్ బీటెక్ చేసి, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న కుర్రాడు అమెరికాలో డేటా సైన్స్ ఎమ్మెస్‌కు దరఖాస్తు చేయాలనుకున్నాడు. మేం ముందుగా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, అతను ఎంచుకున్న కోర్సు పేజీలో ముందే చదివి ఉండాలని అడిగిన సబ్జెక్టులు ఒక కాగితం మీద రాశాం. కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్. పక్కనే అతని మార్కుల మెమోలు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాం. మొదటి రెండూ ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో ఉన్నాయి, గ్రేడు కూడా బాగుంది. సీ లాంగ్వేజ్ ఒక సెమిస్టర్ ఉంది. డేటా స్ట్రక్చర్స్ అసలు లేదు. ప్రాబబిలిటీలో పాసు మార్కులే.

అంటే పూడ్చాల్సిన ఖాళీలు రెండే. అతని ఫోల్డర్‌లో మెషిన్ లెర్నింగ్ మీదే నాలుగైదు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఈ రెండు సబ్జెక్టుల మీద ఒక్కటీ లేదు. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. పిల్లలు తమకు నచ్చిన చోట కోర్సులు పోగేస్తారు, ఫైలు చదివే అధ్యాపకుడి అనుమానం మాత్రం ఇంకోచోట ఉంటుంది.

ఆ ఖాళీలకు అతను ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ ఎంచుకున్నాడు. ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పే పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సు ఎనిమిది వారాలది. ప్రాబబిలిటీ కోర్సు పన్నెండు వారాలది. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. సెంటర్‌కు వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, ఇన్విజిలేటర్ ఎదుట కంప్యూటర్ మీద రాయాలి. ఎక్కువ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25, ఈ పరీక్షకు 75 మార్కులు. ఆ రెండూ సర్టిఫికెట్ మీద విడివిడిగా కనిపిస్తాయి, అది అసలుదో కాదో ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని వీడియోలు పూర్తి చేస్తే వచ్చే సర్టిఫికెట్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. రాసింది ఆ అబ్బాయేనని ఒక సంస్థ పూచీ పడుతోంది. ప్రాబబిలిటీలో అతనికి 71 వచ్చింది. తొంభై రాలేదని దాచేద్దామన్నాడు. దాచక్కర్లేదు. బీటెక్‌లో పాసు మార్కులు తెచ్చుకున్న సబ్జెక్టులో, ఉద్యోగం చేస్తూ, పర్యవేక్షణలో రాసిన పరీక్షలో 71 అంటే ఫైలు చదివేవాడికి అదే కావాల్సిన సమాధానం.

తేదీల దగ్గర జాగ్రత్త. ఈ కోర్సులు జనవరిలో ఒక విడత, జులైలో ఒక విడత మొదలవుతాయి. జులై విడత పరీక్షలు, ఫలితాలు అయ్యేసరికి ఎమ్మెస్ దరఖాస్తుల గడువు నెత్తి మీదకు వచ్చేస్తుంది. వచ్చే ఏడాది వెళ్లాలనుకునేవాళ్లు ఈ జనవరి విడతలోనే రాసేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

తర్వాత ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో పాటు రాసి ఇచ్చే వ్యాసం. మొదట అతను రాసుకొచ్చిన వాక్యం ఇది: "డేటా సైన్స్ మీద ఆసక్తితో పైథాన్, ఎస్‌క్యూఎల్, మెషిన్ లెర్నింగ్ కోర్సులు పూర్తి చేశాను." ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. చివరికి నిలిచింది ఇలా ఉంది: "నా బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ లేదు, ప్రాబబిలిటీలో నా మార్కులు తక్కువ. ఈ రెండూ పర్యవేక్షణలో జరిగిన పరీక్షలు రాసి పూర్తి చేశాను. ఆ చదువుతో మా క్వారీలో బ్లాకు కొలతలు, పైకి కనిపించే పగుళ్లను బట్టి ఎన్ని చదరపు అడుగుల పలక వస్తుందో అంచనా వేసే మోడల్ తయారు చేశాను. పగుళ్లు లోపలికి పోయిన బ్లాకుల్లో అది ఎక్కువగా తప్పుతోంది, ఎందుకో తెలుసుకోవడానికి నాకున్న చదువు చాలదు." చివరి మాటను నేను కావాలనే ఉంచమన్నాను. అతను ఎమ్మెస్‌కు ఎందుకు వెళుతున్నాడో చెప్పేది అదే. యజమాని అనుమతితో రిజిస్టర్ల నుంచి తీసుకున్న లెక్కలు కాబట్టి, ఇంటర్నెట్‌లో అందరూ దించుకునే ప్రాజెక్టుల్లో ఇది కలిసిపోదు. మిగతా సర్టిఫికెట్లన్నీ రెజ్యూమే నుంచి తీసేశాం.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు ఫలానా సబ్జెక్టులో యూరప్ కొలమానమైన ఈసీటీఎస్ క్రెడిట్లు ఇన్ని ఉండాలని పెడతాయి, వాటిని బ్యాచిలర్ డిగ్రీ మెమోల నుంచే లెక్కిస్తాయి. అక్కడ విడిగా చేసిన కోర్సు ఎంత గట్టిదైనా ఆ ఖాళీ పూడదు. దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఒకటుంది. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ క్యాంపస్ కోర్సెరాలో నడిపే కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు పాత మెమోలు అడగరు. వాళ్లు చెప్పిన మూడు కోర్సులు క్రెడిట్ కోసం ఫీజు కట్టి చేసి, సగటున బీ గ్రేడు తెచ్చుకుంటే అదే అడ్మిషన్. అవే పాఠాలు క్రెడిట్ లేకుండా చవగ్గా చూడొచ్చు, కానీ అలా చూసినందుకు మాత్రం అడ్మిషన్ రాదు. ఆన్‌లైన్ విదేశీ డిగ్రీ ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు చెల్లుతుందా అన్నది డబ్బు కట్టకముందే విడిగా కనుక్కోవాలి.

ఇంకా డిగ్రీలోనే ఉన్నవాళ్లకు వీటన్నిటికంటే మంచి అవకాశం చేతిలోనే ఉంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' మీద చేసి క్రెడిట్లుగా మార్చుకోవచ్చు. పన్నెండు వారాల కోర్సుకు మామూలుగా మూడు క్రెడిట్లు. అలా మారిన కోర్సు మార్కుల మెమోలోకే వచ్చేస్తుంది. ఇక అది అదనపు సర్టిఫికెట్ కాదు, డిగ్రీలో భాగం. పైన చెప్పిన కుర్రాడు అదే ప్రాబబిలిటీ కోర్సును బీటెక్‌లో ఉండగా చేసి క్రెడిట్లు మార్చుకుని ఉంటే ఎస్‌ఓపీలో అంత వివరణ అవసరమే ఉండేది కాదు, జర్మనీ లెక్కలో కూడా చెప్పుకోవడానికి చోటు ఉండేది.

చిక్కల్లా ఒకటే. ఆ కోర్సు కాలేజీ ఆమోదించిన జాబితాలో ఉండాలి, చేరేముందే అనుమతి తీసుకోవాలి. ముందు కోర్సు చేసేసి తర్వాత వెళితే చేతిలో సర్టిఫికెట్ మిగులుతుంది, క్రెడిట్ రాదు. మన పిల్లలకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేక ఏటా ఎంతోమంది చదువు మెమో బయటే ఉండిపోతోంది. కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీలు జనవరి, జులై విడతల రిజిస్ట్రేషన్ మొదలవకముందే, ఏ కోర్సు ఏ పేపర్‌కు బదులుగా చెల్లుతుందో తమ అనుబంధ కాలేజీలన్నిటికీ పంపాలి. కాలేజీలు దాన్ని ప్రిన్సిపాల్ టేబుల్ మీద కాకుండా నోటీసు బోర్డు మీద పెట్టాలి.