ఫిబ్రవరిలో వచ్చిన డబ్బుకు జూన్ నుంచి వడ్డీ

జీతం తీసుకునేవారికి పన్ను సంగతి కంపెనీయే చూసుకుంటుంది. ఫ్రీలాన్సర్‌కు ఆ వెసులుబాటు లేదు. టీడీఎస్ పోగా ఏడాదికి పది వేలు, అంతకు మించి పన్ను తేలేట్టుంటే జూన్ 15 నాటికి అందులో 15 శాతం, సెప్టెంబరు 15 నాటికి 45 శాతం, డిసెంబరు 15 నాటికి 75 శాతం, మార్చి 15 నాటికి మొత్తం అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టాలి. ఏడాది పొడవునా ఆదాయం సమంగా వస్తుందనే ఊహ మీద నిలబడ్డ లెక్క ఇది. ఫ్రీలాన్సర్ బ్యాంకు ఖాతా అలా ఉండదు.

హైదరాబాద్‌లో ఉంటూ విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కంటెంట్ రాసే ఒకామె ఉందనుకుందాం. విదేశీ క్లయింట్లు టీడీఎస్ కోయరు, డబ్బు పూర్తిగా చేతికొస్తుంది. 2025-26లో ఖర్చులు పోగా ఆమె ఆదాయం జూన్ మధ్య నాటికి లక్షన్నర, సెప్టెంబరు మధ్యకు మొత్తం 4 లక్షలు, డిసెంబరు మధ్యకు 7 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పన్నే పడదనుకుని మూడు గడువుల్లోనూ ఏమీ కట్టలేదు. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి అది తప్పు కాదు. ఫిబ్రవరిలో పెద్ద ప్రాజెక్టు తాలూకు 9 లక్షలు ఒక్కసారే వచ్చాయి. ఏడాది ఆదాయం 16 లక్షలైంది. సెస్సుతో కలిపి పన్ను 1,24,800.

మార్చి 15 లోపు అంతా కట్టేసినా ఆమెకు వడ్డీ పడుతుంది. పాత ఆదాయపు పన్ను చట్టంలోని 234సీ సెక్షన్ ప్రకారం ప్రతి గడువులో ఎంత కట్టాలో చూసేది ఏడాది చివర తేలిన పన్ను మీదే, ఆ గడువు నాటికి చేతికొచ్చిన ఆదాయం మీద కాదు. తగ్గిన మొత్తంపై నెలకు 1 శాతం చొప్పున మూడేసి నెలలు వేస్తారు. జూన్ గడువుకు 561, సెప్టెంబరుకు 1,683, డిసెంబరుకు 2,808, మొత్తం 5,052 రూపాయలు. షేర్లు అమ్మగా వచ్చిన లాభానికి, డివిడెండుకు, లాటరీకి మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. అవి ఎప్పుడొస్తాయో ముందే తెలియదు కాబట్టి, వచ్చాక మిగిలిన వాయిదాల్లో కడితే వడ్డీ ఉండదు. వృత్తి ఆదాయానికి ఆ దయ మొదటిసారి సంపాదించిన ఏడాదికే పరిమితం. లాటరీ తగిలినవాడి అనిశ్చితిని అర్థం చేసుకున్న చట్టం, రెండో ఏడాది ఫ్రీలాన్సర్‌ది అర్థం చేసుకోకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. అమెరికాలో ఆదాయం ఏ నెలల్లో వచ్చిందో ఫారం 2210తో చూపి జరిమానా తగ్గించుకోవచ్చు. అక్కడ సొంతంగా పనిచేసే మన తెలుగువాళ్లకు ఉన్న ఆ వీలు ఇక్కడ లేదు.

అయితే ఆ 5,052 మరీ భయపడాల్సిన మొత్తం కాదు. మొదటి మూడు గడువులూ పూర్తిగా తప్పినా, మార్చి 15కి అంతా కట్టినవారికి పడే వడ్డీ పన్నులో 4.05 శాతం దాటదు. అంచనా తప్పినందుకు కట్టే గరిష్ఠ మూల్యం అదే. కాబట్టి రాని ఆదాయాన్ని ఊహించుకుని జూన్‌లో క్రెడిట్ కార్డు అప్పుతో పన్ను కట్టడం తెలివైన పని కాదు. అసలు దెబ్బ మార్చిలో డబ్బు లేకపోతే తగులుతుంది. పై ఉదాహరణలో ఆమె మార్చిలో కూడా కట్టకుండా జులై చివర రిటర్నుతో కట్టిందనుకోండి, ఇంకో 6,240 అదనంగా పడుతుంది. అందులో 4,992 ఏప్రిల్ నుంచి మొదలయ్యే 234బీ వడ్డీ. ఆపైన ఆలస్యం చేసిన ప్రతి నెలకూ ఒక శాతం.

అందుకే గడువులకన్నా ముందు ఆలోచించాల్సింది ప్రతి చెల్లింపులో ఎంత పక్కన పెట్టాలన్నది. చాలామంది ఏది వచ్చినా 20 శాతం తీసి పెట్టమంటారు. 12 లక్షల లోపు సంపాదించేవారికి అది అనవసరపు ఉక్కిరిబిక్కిరి, 30 లక్షలు సంపాదించేవారికి మొత్తం మీద సరిపోయినా, చివరి నెలల్లో వచ్చే డబ్బును విడిగా చూస్తే చాలదు. ఇక 12 లక్షల గీత దగ్గర ఒక చిక్కుంది. అది దాటగానే రిబేటు పోతుంది. దాటిన మొత్తానికి మించి పన్ను వేయకూడదన్న ఊరట ఉన్నా, సుమారు 12.70 లక్షల వరకు అదనంగా వచ్చే ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. ఫిబ్రవరి వరకు 11.80 లక్షలు సంపాదించి మార్చిలో 80 వేలు అందుకున్నవారి పన్ను సెస్సుతో కలిపి 62,400. అంతవరకు ఏమీ దాచకుండా, ఆ చివరి చెల్లింపులో 20 శాతమే దాచినవారి దగ్గర ఉండేది 16 వేలు.

ఈ గొయ్యిని ముందే పూడ్చుకోవాలి. రిబేటు లేకుండా 12 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 62,400, అంటే 5.2 శాతం. కాబట్టి ఏప్రిల్‌లో వచ్చే మొదటి చెల్లింపు నుంచే ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 6 శాతం వేరే ఖాతాలోకి మార్చాలి. మొత్తం 12 లక్షలు దాటాక వచ్చినదాంట్లో 16 శాతం, 16 లక్షలు దాటాక 21, 20 దాటాక 26, 24 దాటాక 32 శాతం. మన ఉదాహరణలో డిసెంబరుకు 42 వేలు చేరతాయి. ఫిబ్రవరి 9 లక్షల్లో మొదటి 5 లక్షలకు 30 వేలు, మిగతా 4 లక్షలకు 64 వేలు. మొత్తం 1,36,000. పన్నూ వడ్డీ కలిపి 1,29,852 కట్టేశాక కూడా ఆరు వేలు మిగులుతాయి. ఏడాది 12 లక్షల లోపే ముగిస్తే దాచిన డబ్బంతా ఆమెదే.

స్వదేశీ క్లయింటు 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తే, ఆ మేరకు పక్కన పెట్టేది తగ్గించుకోవచ్చు. కానీ కోసిన టీడీఎస్ మన పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్ పత్రంలో కనిపించేది క్లయింటు త్రైమాసిక స్టేట్‌మెంట్ వేశాకే. జనవరి-మార్చి స్టేట్‌మెంట్‌కు మే 31 దాకా గడువుంది. కాబట్టి మార్చిలో లెక్క వేసుకునేటప్పుడు సొంత ఇన్‌వాయిస్‌లనే నమ్ముకోవాలి, మేలో సరిచూసుకోవాలి. జీఎస్టీ కింద వసూలు చేసిన 18 శాతం ఆదాయమే కాదు, ఈ ఖాతాలో దాన్ని కలపకూడదు.

ఇంజినీర్లు, ఐటీ నిపుణులు, ఆర్కిటెక్టులు, వైద్యులు, న్యాయవాదుల వంటి జాబితాలోని వృత్తులవారు 44ఏడీఏ సెక్షన్ ఎంచుకుంటే సగం వసూళ్లనే ఆదాయంగా చూపి, మొత్తం పన్ను మార్చి 15న ఒక్కసారే కట్టవచ్చు. వాయిదాల వడ్డీ బెడద వారికి లేదు. ఆ జాబితాలో కంటెంట్ రైటింగ్ పేరు లేదు. అందరూ వేస్తున్నారు కదా అని అందులో వేసేముందు ఆడిటర్‌ను అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో ఈ సెక్షన్ల సంఖ్యలు మారాయి.

మార్చి 15 తర్వాత డబ్బొస్తే కూడా ఆ నెల 31 లోపు కట్టినది అడ్వాన్స్ ట్యాక్స్‌గానే లెక్కకొస్తుంది, 234బీ వడ్డీ తప్పుతుంది. ఆ హడావిడిలో చలానాపై చెల్లింపు రకం `Advance Tax (100)` అనే ఉందో, 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఉందో చూసుకున్నాకే డబ్బు పంపాలి.