రీల్ క్యాప్షన్‌లో మొదటి లైన్ "హాయ్ అండీ"కి ఇచ్చేస్తే చీర ఎవరికి దొరుకుతుంది?

మా పిన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో మంగళగిరి చీరలు అమ్ముతుంది. రీల్స్ బాగా తీస్తుంది, వెలుతురు బాగుంటుంది, చీర మడత విప్పే తీరు చూస్తుంటేనే కొనాలనిపిస్తుంది. కానీ క్యాప్షన్ మాత్రం ఎప్పుడూ ఇలాగే మొదలయ్యేది: "హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈరోజు మీకోసం ఒక సర్‌ప్రైజ్!" చీర పేరు నాలుగో లైన్‌లో వచ్చేది, దాని కింద ముప్పై హ్యాష్‌ట్యాగులు.

రీల్ చూసేటప్పుడు క్యాప్షన్‌లో కనిపించేది దాదాపు ఒక్క లైనే, మిగతాది చూడాలంటే నొక్కాలి. నొక్కేవాళ్లు తక్కువ. అంటే పిన్ని తన దగ్గరున్న ఒకే ఒక్క లైన్‌ని పలకరింపుకి ఇచ్చేసింది. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ కూడా 2021లో తన సెర్చ్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ, వెతికే మాటల్ని, హ్యాష్‌ట్యాగుల్ని కామెంట్లలో కాదు, క్యాప్షన్‌లోనే పెట్టమని చెప్పింది. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్ లాంటి సెర్చ్‌లలో కూడా కనిపించే వీలొచ్చింది కాబట్టి, ఈ లైన్‌ని ఇన్‌స్టాగ్రామ్ బయటి నుంచి వెతికేవాళ్లు కూడా చూడొచ్చు.

ఇద్దరం కూర్చుని మార్చాం. ముందు అడిగిన ప్రశ్న ఒకటే: కొనేవాళ్లు ఏమని టైప్ చేస్తారు? "సర్‌ప్రైజ్" అని ఎవరూ టైప్ చేయరు. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, కొందరు తెలుగులోనే కొడతారు, అందుకే రెండూ పెట్టాం:

```
మంగళగిరి కాటన్ చీర, నిజాం బార్డర్ | mangalagiri cotton saree, nizam border
```

ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక చిక్కు చెప్పాలి. మన మాటలు విభక్తితో అతుక్కుపోతాయి. "మంగళగిరిచీరలతో పండగకి రెడీ అవ్వండి" అని రాస్తే మనిషికి బాగానే అర్థమవుతుంది, కానీ "మంగళగిరి చీర" అని వెతికితే అది అక్షరాలా ఎక్కడా లేదు. ఆ రెంటినీ సెర్చ్ ప్రతిసారీ కలుపుకుంటుందని నమ్ముకునే కన్నా, మొదటి లైన్‌లో మాటని విడిగా, ప్రత్యయం లేకుండా ఉంచడమే మేలు. పలకరింపులు, పండగ కబుర్లు రెండో లైన్ నుంచి ఎంతైనా రాసుకోవచ్చు, క్యాప్షన్‌కి 2,200 అక్షరాల దాకా చోటుంది.

ఆల్ట్ టెక్స్ట్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తున్నారు, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. అది చూపు లేనివాళ్ల కోసం, ఫోటోలో ఏముందో రాయడానికి పెట్టిన గడి. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. మనం రాయకపోతే ఫోటోకి యాప్ తనంతట తాను "May be an image of" అంటూ ఒక ముక్తసరి వర్ణన తగిలిస్తుంది. దాంట్లో నిజాం బార్డర్ గురించి వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. అలాగని పిన్ని మొదట రాసినట్టు "చీర, కాటన్ చీర, చేనేత చీర, బెస్ట్ చీర, ఆన్‌లైన్ చీర" అని కుక్కితే, వినేవాళ్ల చెవిలో అదొక మోత తప్ప బొమ్మ కాదు. మార్చాక ఇలా అయింది:

```
చెక్క బల్ల మీద పరిచిన ఆవపిండి రంగు మంగళగిరి కాటన్ చీర. అంచుకి వెడల్పాటి బంగారు జరీ నిజాం బార్డర్, మధ్యలో డిజైన్ లేదు.
```

ముఖ్యమైన మాటలు ఇందులోనూ ఉన్నాయి, ఒక్కోటి ఒక్కసారే, ఎందుకంటే ఆ వస్తువు పేరే అది. పేరుతో పాటు రంగు, అంచు, మధ్య భాగం ఎలా ఉందో చెప్పేసరికి వినేవాళ్లకి చీర కళ్లకి కట్టింది. రాశాక ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి వినండి, విసుగొచ్చిందంటే కుక్కినట్టే.

ఫోటో పోస్టులకి ఈ గడి షేర్ చేసే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో ఉంటుంది. రీల్‌కి మీ యాప్‌లో అది కనిపించకపోతే, ఇదే వర్ణనని క్యాప్షన్ రెండో పేరాగా పెట్టండి, స్క్రీన్ రీడర్ క్యాప్షన్‌ని కూడా చదువుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇదంతా వెతికేవాళ్లకి దొరకడానికే. వెతకని జనానికి రీల్ చేరాలంటే వాళ్లు దాన్ని ఎంతసేపు చూశారు, ఎవరికి పంపారు అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి, మొదటి మూడు సెకన్లలో చీర కనపడకపోతే ఏ క్యాప్షనూ కాపాడదు. అందుకే మేం వ్యూస్ చూసి నిర్ణయించలేదు. పిన్నిని ఫాలో అవ్వని వేరే ఫోన్‌లో, కొన్ని రోజుల తర్వాత, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి వెతికి చూశాం. "mangalagiri cotton saree" అంటే పెద్ద పెద్ద షాపులే వచ్చాయి. దానికి "nizam border" కలిపి వెతికితే కాస్త కిందకి వెళ్లాక పిన్ని రీల్ కనపడింది. ఇప్పుడు ప్రతి రీల్‌కీ ఆ చీరకే ఉన్న గుర్తుని, బార్డర్‌నో రంగునో, మొదటి లైన్‌లో ఊరి పేరు పక్కనే పెడుతోంది.