ఎవరి ఎక్కం వారిదే

గుంటూరులో పొత్తు వ్యాపారం చేసే ప్రతి ఒక్కరికీ, వచ్చిన లాభం పంచుకోవడానికి తనకు నచ్చిన గణితాన్ని ఎంచుకునే హక్కు ఉండాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. హక్కు ఇప్పటికే అమల్లో ఉంది. జీవో రావడమే తరువాయి.

బడి పుస్తకంలో ఈ లెక్కకు ఎ, బి, సి అనే ముగ్గురు భాగస్వాములుంటారు. వాళ్లలో ఎవరూ ఎవరి చెల్లెలినీ పెళ్లాడలేదు. అందుకే వాళ్ల వ్యవహారం నాలుగు మార్కులతో తేలిపోతుంది. మన మిర్చి యార్డు చుట్టుపక్కల ఎ అంటే బావ, బి అంటే బావమరిది, సి అంటే బావమరిది వెంటబెట్టుకొచ్చిన స్నేహితుడు. ఇక్కడ మార్కులు వేసేవాడు లేడు. పైగా పండక్కి మళ్లీ ఒకే ఇంట్లో కూర్చుని తినాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏప్రిల్ మొదట్లో బావ 6 లక్షలు, బావమరిది 4 లక్షలు వేసుకుని తేజ రకం మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చిందని సెప్టెంబర్ ఆఖరున బావమరిది 2 లక్షలు వెనక్కి తీసుకున్నాడు. జనవరి మొదట్లో స్నేహితుడు 12 లక్షలతో దిగాడు. మార్చి 31న ఖర్చులన్నీ పోను 4,32,000 రూపాయల లాభం తేలింది. వాటాలు ఎలా పంచుకోవాలో కాగితం మీద రాసుకున్నారా అని మీరడగవచ్చు. "మనలో మనకు కాగితాలేంటి బావా?" అని ఏప్రిల్‌లోనే అనేసుకున్నారు. ఆ మాట ఖరీదు ఎంతో మార్చిలో తెలిసింది.

స్నేహితుడి గణితం చాలా సూటిగా ఉంటుంది. "ఇవాళ వ్యాపారంలో ఉన్నది 20 లక్షలు. అందులో 12 నావి. నూటికి అరవై నాకు రావాలి అన్నయ్యా" అన్నాడు. అంటే 2,59,200. మూడు నెలలకు 12 లక్షల మీద అంత సొమ్మంటే నెలకు నూటికి ఏడు రూపాయల వడ్డీ దాటుతుంది. విజయవాడలో అధిక వడ్డీలకు అప్పులిచ్చే కాల్ మనీ వాళ్ల సరసన కూర్చోబెట్టదగ్గ రేటు అది.

బావమరిది చట్టాన్ని గౌరవించే మనిషి. ఆ గౌరవం మార్చి 31 సాయంత్రం పుట్టింది. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ తీసి చూపించాడు. ఒప్పందం ఏదీ లేకపోతే ఎవరెంత పెట్టినా లాభం సమానంగా పంచుకోవాలి. తలా 1,44,000. ఇది నేను అల్లిన మాట కాదు, చట్టంలో నిజంగానే అలా ఉంది. పెట్టుబడిని నెలలతో గుణించమని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పదు. బడిలో ఎక్కం నేర్పిన మాస్టారికీ చట్టం రాసిన వారికీ మాటలు లేనట్టుంది. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క కూడా ఉంది. ఒప్పుకుంటే తప్ప, వ్యాపారం చూసుకున్నందుకు భాగస్వామికి జీతం రాదు. రోజూ తెల్లారకుండా యార్డుకెళ్లి ఆ ఘాటులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకం వేయించింది బావ. చట్టం ప్రకారం ఆయనకు అదనంగా దక్కింది దగ్గు.

ఆ దగ్గు మధ్యలోనే బావ తన గణితం వినిపించాడు. బడిలో నేర్పింది ఇదే. లక్ష రూపాయలు ఒక నెలపాటు వ్యాపారంలో ఉంటే దాన్ని ఒక పాలు అనుకోండి. బావ 6 లక్షలు 12 నెలలున్నాయి కాబట్టి 72 పాళ్లు. బావమరిదికి మొదటి ఆరు నెలలు 4 లక్షల చొప్పున 24, తర్వాతి ఆరు నెలలు 2 లక్షల చొప్పున 12, వెరసి 36. స్నేహితుడి 12 లక్షలు 3 నెలలే కాబట్టి 36. మొత్తం 144 పాళ్లు. లాభాన్ని 144తో భాగిస్తే పాలుకు 3,000. బావకు 2,16,000, మిగతా ఇద్దరికీ తలా 1,08,000. బావమరిది వెనక్కి తీసుకున్న సొమ్మును మరిచిపోయి 4 లక్షలను పన్నెండుతో గుణించేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. బావమరిది మాత్రం పొరపాటున కాదు, పట్టుబట్టి మరీ అలాగే గుణించాడు.

ముగ్గురూ గణితంలో దిట్టలే. తనకు ఎక్కువ వచ్చే పద్ధతిని ఎంచుకోవడంలో ఒక్కరు కూడా తప్పు చేయలేదు.

అప్పుడు ఆడిటర్ గారు వచ్చి ఉన్న మూడు గొడవలకు నాలుగోది చేర్చారు. నెలలతో గుణించే పద్ధతి, లాభం ఇంటి అద్దెలాగా నెలనెలా సమానంగా వస్తుందని నమ్ముతుంది. మిర్చికి ఆ సంగతి తెలియదు. ధర ఏ నెలలో ఎగిరితే లాభం ఆ నెలది. కాబట్టి కొత్త మనిషి చేరిన రోజున స్టోరేజీలో ఎన్ని టిక్కీలున్నాయో రసీదుల్లో చూసి, ఆనాటి యార్డు ధర కట్టి, అప్పటిదాకా పెరిగిన విలువను పాతవాళ్ల ఖాతాలో వేయాలి. ఆ తర్వాత వచ్చినదే కొత్తవాడితో కలిసి పంచుకోవాలి. లేకపోతే కాపు కాసేశాక వచ్చి తోటలో వాటా అడిగినట్టుంటుంది.

అలా కడితే డిసెంబర్ 31 నాటికే 3,36,000 లాభం వచ్చి ఉందని తేలింది. అప్పటికి బావవి 54 పాళ్లు, బావమరిదివి 30. పాలుకు 4,000 చొప్పున ఇద్దరికీ 2,16,000, 1,20,000. చివరి మూడు నెలల్లో వచ్చింది 96,000 మాత్రమే. ఆ మూడు నెలలకు బావవి 18, బావమరిదివి 6, స్నేహితుడివి 36 పాళ్లు, పాలుకు 1,600. స్నేహితుడి వాటా 57,600 దగ్గర ఆగింది. రెండు ముక్కలూ కలిపితే బావకు 2,44,800, బావమరిదికి 1,29,600. స్నేహితుడు కుర్చీలోంచి లేచాడు. డిసెంబర్‌లో ధర పడిపోయి జనవరిలో ఎగిరి ఉంటే ఇదే పద్ధతి అతనికి కనకవర్షం కురిపించేది. అప్పుడు బావ లేచేవాడు.

ఏ పద్ధతి న్యాయం అని నన్నడిగితే, జనవరిలో సరుకు విలువ కట్టడమే అంటాను. కానీ ఆ విలువ జనవరిలోనే కట్టి ముగ్గురూ సంతకాలు పెట్టి ఉండాలి. మార్చిలో కూర్చుని డిసెంబర్ ధర గుర్తు చేసుకుంటే ఒక్కొక్కరికి ఒక్కో ధర గుర్తొస్తుంది.

ఇప్పుడు అవే పెట్టుబడులు, అవే నెలలు ఉంచి, లాభం బదులు 1,44,000 నష్టం వచ్చిందనుకోండి. 13వ సెక్షన్ నష్టాన్ని కూడా సమానంగానే భరించమంటుంది, తలా 48,000. బావమరిదికి చట్టం మీద గౌరవం ఆ క్షణాన్నే తీరిపోయింది. "ఖాతాలో ఉన్న డబ్బును బట్టి పంచుదాం బావా, నావి రెండే లక్షలుగా" అని 14,400 దగ్గర కూర్చున్నాడు. ఆ పద్ధతిలో తన వంతు 43,200 అని చూసుకుని, నెలల లెక్కలో 72,000 పడుతుందని తెలిసిన బావ కూడా అటే జరిగాడు. ఖాతా లెక్కలో 86,400 మీద పడబోతున్న స్నేహితుడు మాత్రం, లాభం రోజున తాను చెవిన పెట్టని ఎక్కాన్ని ఇద్దరికీ వేళ్ల మీద లెక్కపెట్టి నేర్పుతున్నాడు: "ఎంతసేపూ పన్నెండు లక్షలంటారేంటి అన్నయ్యా? ఉన్నది మూడు నెలలేగా. పన్నెండు మూళ్లు ముప్పయ్యారు!"