కడుపులో ఉన్న బిడ్డకూ ఒక వంతు

"తండ్రి పోయే నాటికి పుట్టని బిడ్డకు ఆస్తిలో వాటా లేదు. అప్పటికి ఉన్న వారసులు పంచుకుంటే అది ఖాయం. ఒకవేళ వాటా ఇచ్చినా తల్లి అమ్మేసుకోవచ్చు." మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది.

మొదటి మాటే తప్పు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ దీని కోసమే ఉంది. తండ్రి వీలునామా రాయకుండా మరణించే నాటికి గర్భంలో ఉండి, తర్వాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు ముందే పుట్టిన బిడ్డతో సమానమైన హక్కు ఉంటుంది. అదీ పుట్టిన రోజు నుంచి కాదు, తండ్రి పోయిన రోజు నుంచే. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా ఒకటే.

దేవరకొండ దగ్గర ఒక రైతు ఉన్నాడనుకోండి. సొంతంగా కొన్న నాలుగెకరాలు, అంటే 160 గుంటలు వదిలి పోయాడు. ఇంట్లో ముసలి తల్లి, మూడేళ్ల కూతురు, అయిదో నెల గర్భంతో భార్య. దినాలు కాగానే పెద్దలు మంచం మీద కూర్చుని తల్లికి, భార్యకు, కూతురికి తలా 53 గుంటల పైచిలుకు రాసేశారు. నాలుగు నెలలకు బిడ్డ పుడితే ఆ కాగితం తప్పే. నలుగురికీ తలా ఎకరం రావాలి. కవలలైతే అయిదు వంతులు, ఒక్కొక్కటి 32 గుంటలు. కాన్పు అయ్యేదాకా ఆగమనడానికి కారణం ఇదే.

బిడ్డను వదిలేసి చేసుకున్న పంపకం ఖాయమూ కాదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కనంత మాత్రాన హక్కు పోదు. బిడ్డ తరఫున తల్లి ఆ వంతు కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు.

బిడ్డ చనిపోయి పుడితే మాత్రం మూడు వంతులే. ఒక్క గంట బతికి పోయినా లెక్క మారుతుంది. మగబిడ్డయితే ఆ ఎకరం బిడ్డ తల్లికి చేరుతుంది. ఆడబిడ్డయితే అది తండ్రి నుంచి వచ్చిన ఆస్తి కాబట్టి తండ్రి వారసులకు, అంటే ఈ ముగ్గురికీ సమానంగా పోతుంది. అందుకే ప్రాణంతో పుట్టిందని చెప్పే ఆసుపత్రి కాగితం జాగ్రత్త చేయాలి.

ఇక అమ్మకం. తండ్రి లేని మైనరుకు తల్లే సహజ సంరక్షకురాలు. కానీ మైనరు భూమిని అమ్మాలంటే ఆమె ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని అమ్మకాన్ని రద్దు చేయమని బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండాక మూడేళ్ల లోపు దావా వేయవచ్చు. కొనేవారు కూడా ఈ ఒక్క కాగితం అడిగాకే డబ్బు చేతికివ్వాలి.