పువ్వు పట్టుబడింది

హైదరాబాద్‌లో ఉంటున్న మా మేనల్లుడు నాకు ఫోన్ చేయడు గాని, నవ్వు తెప్పించే ఫొటోలు మాత్రం క్రమం తప్పకుండా పంపుతాడు. పోయిన వారం పంపిన ఫొటో కింద నవ్వి నవ్వి కన్నీళ్ళు కారుస్తున్న పసుపు ముఖాలు పదకొండు లెక్కపెట్టాను. "మామయ్యా, ఇది మీ వైపు పోలీస్ స్టేషనట, చూడు" అని రాశాడు. చూశాను. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న పిండిమర అది. బోర్డు మీద పైన ఒడియా, దాని కింద ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు ఇలా ఉంది:

హియర్ ఆల్ ఫ్లవర్ విల్ బి కాట్.
ఎల్లో హార్న్, చిల్లీ గుండా విల్ బి బీటెన్.
ఆయిల్ ప్లేయింగ్ మార్నింగ్ ఓన్లీ.
వెట్ నాట్ కాట్.
వన్ కేజీ వన్ ఫిస్ట్ విల్ బి కట్.

మేనల్లుడి మిత్రమండలి దీన్ని ఎలా చదువుకుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ పువ్వులన్నీ పట్టుబడతాయి. గుళ్ళో తలలో పెట్టుకున్న మల్లెలను కూడా వదలరు. పసుపు కొమ్ములున్న ఒక జంతువునూ, మిర్చి అనే ఇంటిపేరు గల ఒక గూండానూ తెచ్చి లోపల చితకబాదుతారు. నూనె మాత్రం పొద్దున పూట ఆడుకుంటుంది, బహుశా మైదానంలో ఎండ పెరగకముందే. తడిసినవాళ్ళను పట్టుకోరు, కనుక వానాకాలంలో నేరస్థులకు పండగే. చివరగా, కిలోకు ఒక పిడికిలి చొప్పున నరుకుతారు. ఇంత చక్కని శాంతిభద్రతలున్న ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటూ నేను గుర్తించలేకపోయినందుకు సిగ్గుపడ్డాను.

సిగ్గు తీరాక కాగితం తీసుకుని ఒక్కొక్క ఇంగ్లీషు క్రియనూ తెలుగులోకి వెనక్కి తిప్పాను. ఇలాంటి బోర్డులకు ఒకటే సూత్రం. ఆ ఇంగ్లీషు మాటకు తెలుగు మాట పెట్టి, దానికి ఇంకొక అర్థం ఉందేమో చూడాలి. ఉంటే, రాసినవాడి మనసులో ఉన్నది ఆ రెండోదే. 'కాట్' అంటే పట్టబడును. పిండి ఏం చేస్తాం? పట్టిస్తాం. 'బీటెన్' అంటే కొట్టబడును. పసుపు కొమ్ములు ఏం చేయిస్తాం? కొట్టిస్తాం. 'ప్లేయింగ్' అంటే ఆడటం. నువ్వుల నూనె ఏం చేయిస్తాం? ఆడిస్తాం. కొమ్ము పశువుకూ ఉంటుంది, పసుపుకూ ఉంటుంది. గుండ అంటే పొడి, ఒడియాలోనూ అదే మాట. ఇంగ్లీషు అక్షరాల్లో పడేసరికి పాపం దానికి దీర్ఘం వచ్చి, రౌడీషీటు తెరుచుకుంది.

తప్పు ఎక్కడుంది? మరవాడు చెప్పిన తెలుగు ప్రతి మాటకూ లెక్కగా ఒక ఇంగ్లీషు మాట ఉంది. ఇంత విశ్వాసపాత్రమైన అనువాదం మన విశ్వవిద్యాలయాల్లో కూడా దొరకదు.

'ఫ్లవర్' సంగతి మరీ విచిత్రం. పిండికీ పువ్వుకీ ఇంగ్లీషులో పుట్టుక ఒక్కటే. ధాన్యం పిండిలో శ్రేష్ఠమైన భాగం గనుక దాన్ని పువ్వు అన్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి కూడా రెండింటికీ ఒకే వర్ణక్రమం చెల్లేది, వేర్వేరుగా రాయడం ఆ తర్వాతే స్థిరపడింది. అంటే మా మరవాడి ఇంగ్లీషు తప్పు కాదు, కాస్త పాతది. మా మేనల్లుడికి ఈ మాట చెబితే పన్నెండో ముఖం పంపాడు.

ఇక ఆ 'విల్ బి' గురించి. తెలుగు ఇంట్లో ఏ తల్లీ "నాయనా, అన్నం వడ్డించబడును" అనదు. ఈ 'బడు' నోటి మాట కాదు, నోటీసు మాట. సంస్కృతం తర్జుమాలు కొంత పెంచితే, ఇంగ్లీషు నోటీసుల తర్జుమాలు దాన్ని బోర్డుల మీదికి ఎక్కించాయి. ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న వాక్యాన్ని మరవాడు మళ్ళీ ఇంగ్లీషుకే జమచేశాడు, వడ్డీతో సహా. దానికి నవ్వెందుకు?

రాసింది మరవాడు కూడా కాదు. డబ్బాతో వెళ్ళి అడిగాను. ఫ్లెక్సు దుకాణం కుర్రవాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో నేర్చింది ఒడియా, ఇంగ్లీషు. మరవాడు తెలుగులో చెబుతూ పోయాడు, కుర్రవాడు ఇంగ్లీషులో కొడుతూ పోయాడు. ఒడియాలో బ, వ లకు మామూలుగా ఒకటే అక్షరం, కనుక దుకాణం పేరులోని వెంకన్న కూడా బెంకన్నగా మారి కొండ దిగాడు. అచ్చయ్యాక ఎవరూ చదివి వినిపించలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. అప్పటి నుంచి ఇక్కడ తెలుగు నోటిలో ఉంది, బోర్డు మీద లేదు. మరవాడు వచ్చినవాళ్ళను బట్టి తెలుగు, ఒడియా, సవర, హిందీ మార్చి మార్చి మాట్లాడుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. ఆయన్ను చూసి నవ్విన నా మేనల్లుడికి ఎన్ని వచ్చు? ఒకటి వచ్చు, అది కూడా జీతం వచ్చేంత. వాడు ఏనాడూ మరకు డబ్బా మోయలేదు. 'పిండి పట్టించుకు రా' అన్న మాట వాడి చెవిన ఎప్పుడూ పడలేదు. పడి ఉంటే ఆ మొదటి పంక్తికి నవ్వు రాదు, అర్థం వస్తుంది. మరవాడికి ఇంగ్లీషు రాదన్నది ఈ ఫొటోలో చిన్న సంగతి. నవ్విన పదిమందికీ తెలుగు రాదు, అది బయటపడిందని కూడా వాళ్ళకు తెలియదు. సొంత ఊరి మాటకు ఊరి బయట నిలబడి పళ్ళికిలించే ఈ చదువుకు లక్షలు పోసింది మేమే, నాతో సహా.

సరే, కోపం పక్కన పెడతాను. మర ఇంకా ఆడుతోంది.

'వెట్ నాట్ కాట్' సంగతి మరవాడే చూపించాడు. తడి బియ్యం ఎండు పిండి రాళ్ళ మధ్య పోస్తే ముద్దై గాట్లలో కూరుకుపోతుంది. రాయి జారుతుంది, మోటారు మూలుగుతుంది, పిండి వేడెక్కి మాడు వాసన వస్తుంది. అప్పుడు రాళ్ళు విప్పి, గీకి, మళ్ళీ గాట్లు కొట్టుకోవాలి. సంక్రాంతికి మనవాళ్ళు అరిసెలకూ, ఒడియావాళ్ళు ఆరిసా పిఠాకూ నానబెట్టిన బియ్యం తెస్తారు. తడి మర వేరే ఉన్నచోటికి పొమ్మని ఆయన గొంతు పోయేలా చెప్పలేక ఆ పంక్తి రాయించుకున్నాడు. నూనె పొద్దున్నే ఎందుకంటే మోటారు ఒకటే. మధ్యాహ్నం బెల్టు గానుగ నుంచి తీసి పిండి రాళ్ళకు వేస్తాడు.

మిగిలింది పిడికిలి. రాత్రంతా దాని మీదే కూర్చున్నాను. కిలోకు ఒక పిడికిలి ఎందుకు నరుకుతారు? తెల్లవారుజామున మా ఆవిడ వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే వెలిగింది. తరుగు! కిలోకు గుప్పెడు తరుగును. రాళ్ళ వేడికి గింజలో చెమ్మ ఆవిరవుతుంది, కాస్త పిండి రాళ్ళ సందుల్లోనే ఉండిపోయి వెనక వచ్చినవాడి డబ్బాలో పడుతుంది. అది పోతే గొడవ పెట్టుకోవద్దని ముందే చెప్పుకున్నాడు.

రెండు కిలోల బియ్యం తూచి తీసుకెళ్ళాను. నాకు ముందు ఎవరూ లేరు, నా వెనక ఒకావిడ చోళ్ళతో నిలబడింది. ఇంటికొచ్చి మళ్ళీ తూచాను. రెండు గుప్పిళ్ళ కంటే కాస్త ఎక్కువే తరిగింది. ఆవిడ చోడిపిండి ఈ రోజు కొంచెం తెల్లగా వచ్చి ఉంటుంది.