మంచం మీద నుంచి పడిన బిడ్డ, అర్ధరాత్రి వాట్సాప్ వైద్యం

“పిల్లలు మంచం మీద నుంచి పడితే 24 గంటలు నిద్రపోనివ్వకండి, కోమాలోకి వెళతారు. బొప్పి బయటికి కట్టిందంటే భయం లేదు, దెబ్బ బయటే ఆగింది. వేడి కాపడం పెట్టి గట్టిగా రుద్దితే గడ్డ కరుగుతుంది. ఒక్క వాంతి అయినా వెంటనే సీటీ స్కాన్ తీయించండి. అందరికీ పంపండి.”

తిరుపతిలో పిల్లల వైద్యం చేసే నాకు ఈ సందేశం ఇప్పటికి కనీసం పదిసార్లు వచ్చింది. ఒకసారి మాత్రం బిడ్డతో సహా వచ్చింది.

కొర్లగుంట నుంచి రాత్రి రెండు గంటలకు ఒక జంట పద్నాలుగు నెలల బాబును తీసుకొచ్చారు. ఏడున్నరకు రెండడుగుల మంచం మీద నుంచి గచ్చు మీద పడ్డాడు. పడగానే ఏడ్చాడు, తల్లి ఎత్తుకోగానే ఊరుకున్నాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ఎనిమిదింటికి పాలు తాగి ఒకసారి కక్కుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండదగిన దెబ్బ. కానీ ఫోనులో ఈ సందేశం చూసి, వాడి కన్ను మూతపడినప్పుడల్లా ముఖం మీద నీళ్లు చల్లుతూ ఆరు గంటలు మేలుకొలిపి ఉంచారు. నా దగ్గరికి వచ్చేసరికి వాడు తల వాల్చేస్తున్నాడు, ముట్టుకుంటే చిరాకు పడుతున్నాడు. మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డ కూడా అలాగే ఉంటాడు! నిద్ర లేక మగతా, దెబ్బ వల్ల మగతా అన్నది తేల్చుకోవడం నాకే కష్టమైంది.

నిద్ర వల్ల ఎవరూ కోమాలోకి వెళ్లరు. లోపల రక్తం చేరి మెదడును నొక్కితే మగత వస్తుంది. దాన్ని నిద్ర అని పొరబడతామేమోనన్నదే అసలు భయం. ఎప్పుడూ పడుకునే వేళకు పడుకున్న బిడ్డను పడుకోనివ్వండి. రాత్రి ఒకటి రెండు సార్లు అరికాలు గిలిగింత పెట్టండి. కాలు లాక్కుని, మూలిగి, అమ్మ వైపు తిరిగితే చాలు, కూర్చోబెట్టనక్కర్లేదు. ఎంత కదిపినా స్పందించకపోయినా, ఎన్నడూ లేని గురక లాంటి శ్వాస వినిపించినా 108కి ఫోన్ చేయాలి. ఆ బాబు తల్లి ఒడిలోనే నిద్రపోయాడు. గిలిగింత పెట్టినప్పుడల్లా నా చేతిని తన్నాడు. పొద్దున లేచి ఇడ్లీ అడిగి తిన్నాడు.

ఇక బొప్పి. తల చర్మానికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి చిన్న దెబ్బకే పెద్దగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఉన్నది ఎముకకు బయట. లోపల ఏం జరిగిందో అది చెప్పదు. చెప్పేదల్లా అది ఉన్న చోటు. నుదుటి మీద గట్టిగా ఉన్న బొప్పి సాధారణంగా నిరపాయమైనది. చెవి పైన గానీ, తల పక్కన గానీ, వెనుక గానీ, నీళ్ల సంచిలా మెత్తగా ఉబ్బిందంటే, ముఖ్యంగా రెండేళ్ల లోపు పిల్లల్లో, కింద ఎముక చిట్లి ఉండవచ్చు. బిడ్డ ఆడుకుంటున్నా సరే, అదే రోజు చూపించాలి. మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడినా అంతే. పాత నవారు మంచం ఆ ఎత్తుకు రాదు, మందపాటి పరుపు వేసిన కొత్త మంచాలను మాత్రం ఒకసారి కొలుచుకోండి.

రుద్దడం, కాపడం రెండూ వద్దు. వేడికి రక్తనాళాలు విప్పారి వాపు పెరుగుతుంది. చిట్లిన ఎముక మీద రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. గుడ్డలో చుట్టిన మంచు ముక్కను పది నిమిషాలు, బిడ్డ ఊరుకున్నంతసేపు ఆనిస్తే చాలు.

వాంతి విషయానికి వస్తే, భయంతో, ఏడుపుతో ఒకటి రెండు సార్లు కక్కడం మామూలే. మళ్లీ మళ్లీ అవుతుంటే ఆగకూడదు. స్కాన్ అవసరమా కాదా అన్నది బిడ్డను పరీక్షించాక తేలాలి. సీటీలో రేడియేషన్ ఉంటుంది. చిన్నారిని కదలకుండా ఉంచడానికి ఒక్కోసారి మత్తు కూడా ఇవ్వాల్సి వస్తుంది. చాలామందికి దానికి బదులు నాలుగు నుంచి ఆరు గంటలు ఆసుపత్రిలో దగ్గరుండి చూస్తే సరిపోతుంది.

ఇంట్లో ఆ రోజంతా చూడవలసింది వాడి తీరు. పిలిస్తే చూస్తున్నాడా, నడిచేవాడు నడుస్తున్నాడా, రెండు చేతులూ వాడుతున్నాడా, పాలు తాగుతున్నాడా? “వీడు మా వాడిలా లేడు” అని తల్లికి అనిపించిందా, ఆ మాట నేను స్కాన్ రిపోర్టంత శ్రద్ధగా వింటాను. పడినప్పుడు కాసేపు స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీరు లేదా రక్తం కారినా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు.

సందేశంలోని 24 గంటల గడువు కూడా గీత గీసినట్టు ఉండదు. మొదటి ఆరు గంటలే కీలకమైనా, నెమ్మదిగా ఊరే రక్తం రెండు మూడు రోజులకు బయటపడిన సందర్భాలున్నాయి. మూడో రోజు కొత్తగా వాంతులు మొదలైతే “ఎప్పుడో పడ్డాడులే” అనుకోకుండా, పడిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.