ఐఆర్‌లో 1700, 3300: ఆ చిట్కా ఎక్కడ తప్పుతుంది

"ఐఆర్ స్పెక్ట్రమ్‌లో 1700 దగ్గర పీక్ ఉంటే కీటోన్, 3300 దగ్గర ఉంటే ఆల్కహాల్. ఈ రెండు నంబర్లు గుర్తుంటే చాలు, ఏ కాంపౌండ్ అయినా చెప్పేయొచ్చు." పదార్థం ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూపే ఐఆర్ స్పెక్ట్రమ్ గురించి ఇలా ఒక చిట్కా ఉంది.

ఒక తెల్లటి ఘనపదార్థాన్ని KBr పెల్లెట్ చేసి స్పెక్ట్రమ్ తీశారనుకుందాం. 3370, 3170 cm⁻¹ దగ్గర రెండు పీకులు, 1660 దగ్గర బలమైన పీక్, దాని పక్కనే 1620 దగ్గర ఇంకొకటి వచ్చాయి. చిట్కా నమ్మినవాళ్లు ఆల్కహాల్ గ్రూపు ఉన్న కీటోన్ అని రాసేస్తారు. అది బెంజమైడ్. అందులో ఆ రెండూ లేవు.

మొదట 3300 సంగతి. అక్కడ నంబరు కంటే పీక్ ఆకారమే ఎక్కువ చెబుతుంది. ఆల్కహాల్ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఒక్కోచోట ఒక్కో బలంతో ఉంటాయి. అందుకే O–H పీక్ 3200 నుంచి 3550 దాకా వెడల్పుగా పరుచుకుంటుంది. కార్బాక్సిలిక్ ఆమ్లంలో ఇంకా వెడల్పై, 2500 వరకు దిగి C–H పీకులను కూడా కలిపేసుకుంటుంది. N–H హైడ్రోజన్ బంధాలు బలహీనం కాబట్టి ఆ పీకులు సన్నగా ఉంటాయి. NH₂ ఉంటే రెండు, NH ఉంటే ఒకటి. మూడో రకం అమైన్‌లో N–H బంధమే లేదు, కాబట్టి అక్కడ ఏమీ కనిపించదు. "3300 ఖాళీ, కాబట్టి అమైన్ కాదు" అనడమూ తప్పే. ఇంకో మాట: KBr తేమ పీల్చుకుంటే నీటి వల్ల 3400 దగ్గర వెడల్పాటి పీక్, 1640 దగ్గర చిన్న పీక్ వస్తాయి. పెల్లెట్ సరిగా ఆరిందో లేదో చూడకుండా O–H అని రాయకూడదు.

ఇక 1700. అసిటోన్‌లో C=O పీక్ 1715 దగ్గర వస్తుంది. మామూలు ఎస్టర్‌లో 1740కి ఎక్కుతుంది. అమైడ్‌లో నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను కార్బొనిల్ వైపు పంచుతుంది. దాంతో C=O బంధం కొంత బలహీనపడి 1660కి దిగుతుంది. మన పదార్థంలో జంట N–H పీకులు, కిందికి దిగిన C=O రెండూ ఉన్నాయి కాబట్టే అమైడ్ అనుకుంటాం.

అయినా ఇక్కడితో ఆగకూడదు. 4-అమైనో అసిటోఫినోన్‌లోనూ NH₂ ఉంది. అందులో నైట్రోజన్ బెంజీన్ వలయం మీదుగా ఎలక్ట్రాన్లను పంపి C=Oని దాదాపు 1650కే దించుతుంది. ఈ రెండింటినీ ఐఆర్ పీకులతో మాత్రమే విడదీయడం కష్టం. కొంచెం పదార్థాన్ని NaOH ద్రావణంతో మరిగించండి. బెంజమైడ్ అయితే అమోనియా వచ్చి, తడిపిన ఎర్ర లిట్మస్ నీలంగా మారుతుంది. అమైనో కీటోన్ అలా ఇవ్వదు, కానీ అయోడోఫార్మ్ పరీక్షలో పసుపు అవక్షేపం ఇస్తుంది.